గోదాం కప్పు కింద రెండు లెక్కలు

రేకుల గోదాంలో నిలబడి తలెత్తితే, గోడ నుంచి గోడకు పైన ఒకటి, కింద ఒకటి ఇనుప వరుసలు, వాటి నడుమ డబ్ల్యూ అక్షరాలు గొలుసుగా రాసినట్టు ఏటవాలు కడ్డీలు కనిపిస్తాయి. ఇది వారెన్ ట్రస్. జేమ్స్ వారెన్, విల్లోబీ మొన్జానీ 1848లో బ్రిటన్‌లో దీనికి పేటెంటు తీసుకున్నారు. ఇందులో ఏ కడ్డీ ఎంత బలం మోస్తుందో తేల్చడానికి రెండు దారులున్నాయి: జాయింట్ల పద్ధతి, సెక్షన్ల పద్ధతి.

12 మీటర్ల వెడల్పున్న చిన్న షెడ్డు తీసుకుందాం. కింద 3 మీటర్ల కడ్డీలు నాలుగు, పైన మూడు, ఏటవాలువి ఎనిమిది. అన్నీ ఒకే పొడవు కాబట్టి ప్రతి త్రిభుజంలోనూ కోణాలు 60 డిగ్రీలు. ట్రస్ ఎత్తు 2.6 మీటర్లు. పైనున్న నాలుగు జాయింట్ల మీద 10 కిలోన్యూటన్ల చొప్పున, అంటే ఒక్కోదాని మీద సుమారు టన్ను, కప్పు బరువు పడుతుందనుకుందాం. మొత్తం 40, చెరో గోడ 20 మోస్తుంది.

జాయింట్ల పద్ధతిలో ఒక్కో జాయింటు దగ్గర ఆగి, పైకీ కిందికీ, ఎడమకీ కుడికీ బలాలు సరిపోయాయా అని చూస్తాం. షరతులు రెండే గనుక, తెలియని కడ్డీలు రెండుకు మించకూడదు. అందుకే గోడ దగ్గరి జాయింటుతో మొదలుపెట్టాలి. అక్కడ గోడ 20 పైకి నెడుతుంది. అడ్డంగా ఉన్న కడ్డీ దాన్ని ఆపలేదు, ఏటవాలుదే ఆపాలి. 20ని సైన్ 60తో, అంటే 0.866తో భాగిస్తే 23.1. ఈ కడ్డీ ఆ బలంతో నొక్కుకుపోతుంది. అది బయటికి తన్నే 11.5ని కింది కడ్డీ లాగి పట్టుకుంటుంది. ఆపైన రెండో జాయింటు, మూడోది. అప్పుడుగాని కింది వరుసలో రెండో కడ్డీ తేలదు: 23.1, లాగుడు.

ఈ నడకలో ఒక చిక్కుంది. ఒకసారి నా చేతికొచ్చిన లెక్కలో సైన్ ఉండాల్సిన చోటల్లా కొసైన్, కొసైన్ ఉండాల్సిన చోటల్లా సైన్ పడ్డాయి. రెండో గోడ దాకా అంకెలన్నీ చక్కగా కలిశాయి, ఎందుకంటే అది 30 డిగ్రీల ట్రస్‌కు సరైన లెక్కే! మన షెడ్డులో అదే తప్పు చేస్తే ఆ రెండో కడ్డీకి 23.1కి బదులు 69.3 వస్తుంది. మూడింతలు. చివరి జాయింటులో సరిపోయిందని సంబరపడితే ఇది ఎప్పటికీ దొరకదు.

దొరికించేది సెక్షన్ల పద్ధతి. జర్మన్లు దీన్ని ఇప్పటికీ ఆగస్ట్ రిట్టర్ అనే ఇంజనీరు పేరుతోనే పిలుస్తారు. ట్రస్‌ను కాగితం మీద మూడు కడ్డీల గుండా నిలువునా కోసి, ఎడమ ముక్కను మాత్రమే ఉంచుకుంటాం. మనకు కావాల్సింది ఆ రెండో కింది కడ్డీ. తెగిన మిగతా రెండు కడ్డీలూ ఎడమ నుంచి రెండో పై జాయింటులో కలుస్తాయి. ఆ జాయింటును ఇరుసుగా పెట్టుకుంటే ఆ రెండూ ముక్కను తిప్పలేవు, లెక్కలోంచి తప్పుకుంటాయి. గోడ 20ని 4.5 మీటర్ల దూరం నుంచి ఒకవైపు తిప్పుతుంది: 90. మొదటి బరువు 10, 3 మీటర్ల దూరం నుంచి ఎదురు తిప్పుతుంది: 30. రెండో బరువు ఇరుసు మీదే ఉంది, దాని ఊసు లేదు. మిగిలిన 60ని ఎత్తు 2.6తో భాగిస్తే మళ్లీ 23.1. ఇందులో కోణం మాటే రాలేదు, టేపుతో కొలవగల ఎత్తే వచ్చింది. అందుకే ఆ లెక్కలో జరిగిన తప్పు ఇక్కడ బయటపడుతుంది. నా మటుకు నేను పదిహేను కడ్డీలకూ జాయింట్ల పద్ధతి వాడినా, నడిమి కడ్డీ ఒక్కటి కోసి చూడనిదే కాగితం మడవను.

అదే కోతలో ఇంకో సంగతి. ఎడమ ముక్క మీద పైకి 20, కిందికి రెండు పదులు. ఇక నిలువుగా మోయడానికేమీ లేదు కనుక తెగిన ఏటవాలు కడ్డీలో బలం సున్నా. అయితే సన్నటి చువ్వ వేస్తే చాలుగా అనిపిస్తుంది. కానీ రేకులు ఎడమ సగం మీదే వేసి, కుడి సగం ఖాళీగా ఉన్న రోజును ఊహించండి. ఎడమ గోడ 15, కుడి గోడ 5 మోస్తాయి. అప్పుడు అదే కడ్డీ 5.8తో నొక్కుకుపోతుంది. బరువు కుడివైపే ఉంటే అంతే బలంతో లాగబడుతుంది. లాగుడుకు సరిపోయే సన్న చువ్వ నొక్కుడుకు విల్లులా వంగిపోతుంది.

రెండు పద్ధతులకూ కనబడనిది ఒకటుంది. బరువు జాయింట్ల మీదే పడుతుందన్నది వాటి షరతు. మన పై జాయింట్ల మధ్య దూరం 3 మీటర్లు. రేకులకు అంతకంటే దగ్గరగా పర్లిన్లు కావాలి. దాంతో ఒక పర్లిన్ కడ్డీ నడిమధ్యన కూర్చుంటుంది, కడ్డీ నొక్కుడుతోపాటు దూలంలా వంగుడూ మోయాల్సి వస్తుంది. ఆ వంగుడును వేరుగా లెక్కగట్టాల్సిందే. ఈసారి గోదాంలోకి వెళ్లినప్పుడు, పర్లిన్లు ఏటవాలు కడ్డీలు కలిసే గసెట్ ప్లేట్ల మీద ఉన్నాయో, వాటి మధ్య ఉన్నాయో చూడండి.