చాట్‌లో చెదరని పట్టిక

అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ బకాయిల లెక్క ఎక్సెల్‌లో ఎంత పొందిగ్గా ఉన్నా, కాపీ చేసి వాట్సాప్ గ్రూపులో పేస్ట్ చేసేసరికి ఏ అంకె ఎవరిదో తెలియకుండా కలగాపులగమైపోతుంది. అందుకే చాలామంది స్క్రీన్‌షాట్ తీసి పంపేస్తారు. చూడ్డానికి అది బాగానే ఉంటుంది. కానీ ఆర్నెల్ల తర్వాత 204 వాళ్ల బాకీ ఎంతో చాట్‌లో వెతికితే దొరకదు, అందులోని అంకెను కాపీ చేసుకోవడమూ తేలిక కాదు. పట్టికను అక్షరాలుగానే, వరస తప్పకుండా పంపడానికి మార్గం ఉంది. ముందు అది ఎందుకు చెదురుతోందో చూడాలి.

ఎక్సెల్‌లో గానీ గూగుల్ షీట్స్‌లో గానీ కొన్ని గళ్లు కాపీ చేస్తే, కంప్యూటర్ వాటిని ఒకే రూపంలో దాచుకోదు. గీతలతో కూడిన పట్టిక ఒకటి, ఉత్త అక్షరాల ప్రతి ఒకటి, ఇలా రెండు మూడు రూపాల్లో పెట్టుకుంటుంది. పేస్ట్ చేసే చోటు తనకు చేతనైన రూపాన్ని తీసుకుంటుంది. మెయిల్ సాధారణంగా గీతల పట్టికను తీసుకుంటుంది. చాట్ ఎక్కువగా ఉత్త అక్షరాలనే తీసుకుంటుంది. ఈ ఉత్త అక్షరాల్లో గడికీ గడికీ మధ్య ఉండేది ట్యాబ్ అనే ఒక్క గుర్తు. దానికంటూ సొంత వెడల్పు లేదు. స్టాపుల్లో తప్ప ఆగని బస్సులాగా, తర్వాతి స్టాపు ఎక్కడుంటే అక్కడికి పోయి ఆగుతుంది. నోట్‌ప్యాడ్ లాంటి చోట్ల ఆ స్టాపులు మామూలుగా 8 అక్షరాలకొకటి ఉంటాయి. ఏడక్షరాల పేరు తర్వాతి అంకె మొదటి స్టాపు దగ్గర పడితే, ఎనిమిదక్షరాల పేరు తర్వాతిది రెండో స్టాపుకు జరిగిపోతుంది. వరస తప్పేది అక్కడే. కొన్ని చాట్‌లలోనైతే ట్యాబ్ ఒక్క ఖాళీగా కుంచించుకుపోతుంది.

ట్యాబ్ తీసేసి స్పేస్‌లు కొట్టినా సగం పనే అవుతుంది. మామూలు ఫాంటులో i సన్నగా, W వెడల్పుగా ఉంటాయి కాబట్టి, అక్షరాల లెక్క సరిపోయినా కొలత సరిపోదు. కాబట్టి కావలసినవి రెండు: ప్రతి గడినీ స్పేస్‌లతో ఒకే పొడవుకు నింపడం, అన్ని అక్షరాలకూ ఒకే వెడల్పు ఉండే మోనోస్పేస్ ఫాంటులో చూపించడం.

నింపే పని ఫార్ములాకే వదిలేద్దాం. A కాలమ్‌లో ఫ్లాట్ నంబరు, B లో బాకీ, C లో పేరు ఉన్నాయనుకోండి. D2 గడిలో ఇది రాయాలి:

```
=LEFT(A2&REPT(" ",6),6)&RIGHT(REPT(" ",8)&TEXT(B2,"#,##0"),8)&"  "&C2
```

REPT అడిగినన్ని స్పేస్‌లు ఇస్తుంది. ఫ్లాట్ నంబరు వెనక ఆరు స్పేస్‌లు తగిలించి, ఎడమ నుంచి ఆరక్షరాలు కోసుకుంటే అన్నీ ఆరక్షరాల పొడవుకు వస్తాయి. అంకెలకు ఇదే పని తిరగేసి చేస్తాం. ముందు స్పేస్‌లు పెట్టి కుడి నుంచి కోస్తే ఒకట్ల కింద ఒకట్లు, పదుల కింద పదులు పడతాయి. TEXT లేకపోతే గడిలో కనిపించే కామాలు ఇక్కడికి రావు. విండోస్‌లో ప్రాంతం భారత్ అని ఉంటే ఎక్సెల్ ఆ కామాలను లక్షల పద్ధతిలోనే వేస్తుంది. ఫార్ములాను కిందికి లాగి, D కాలమ్ ఒక్కటే కాపీ చేస్తే ఇలా వస్తుంది:

```
101      2,500  లక్ష్మి
204     12,500  వెంకటేశ్వర్లు
G3         800  రమ
Total   15,800
```

ఒకే కాలమ్ కాబట్టి మధ్యలో ట్యాబ్‌లు ఉండవు. అన్ని వరసలనూ ఒకే గడిలోకి చేర్చేస్తే ఇంకా సులువు కదా అనిపిస్తుంది గానీ, ఆ పని వద్దు. గడిలో లైన్ బ్రేక్ ఉంటే, ఎక్సెల్ నుంచి పేస్ట్ చేసినప్పుడు మొత్తానికీ అటూ ఇటూ కొటేషన్ గుర్తులు వచ్చి కూర్చుంటాయి.

పేరును చివర పెట్టింది ఊరికే కాదు. తెలుగులో కంటికి కనిపించే అక్షరాలు వేరు, కంప్యూటర్ లెక్కపెట్టేవి వేరు. ‘లక్ష్మి’ మనకు రెండక్షరాలు. LEN మాత్రం ఏడు అంటుంది, ఎందుకంటే అది ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని విడివిడిగా లెక్కపెడుతుంది. ‘రమ’ ఇద్దరి లెక్కలోనూ రెండే. పైగా మోనోస్పేస్ ఫాంట్లలో చాలావాటికి తెలుగు అక్షరాలే ఉండవు. ఫోను వేరే ఫాంటు నుంచి అరువు తెచ్చుకుంటుంది, వాటి వెడల్పులు వాటివే. అందుకని తెలుగు మాటలను స్పేస్‌లతో సమం చేయాలని చూడటం వృథా ప్రయాస. తెలుగు కాలమ్‌ను కుడి చివరకు తోసేస్తే దాని తర్వాత చెదరడానికి ఏమీ ఉండదు. Total ను ఇంగ్లీషులో ఉంచిందీ ఇందుకే. కాలమ్ శీర్షికలు తెలుగులో కావాలంటే పట్టిక పైన మామూలు వాక్యంగా రాసుకోవచ్చు.

ఇక వాట్సాప్‌లో పట్టికకు ముందు మూడు, వెనక మూడు ` గుర్తులు పెడితే మధ్యలోదంతా మోనోస్పేస్‌లో కనిపిస్తుంది. కంప్యూటర్ కీబోర్డులో ఈ గుర్తు 1 అంకెకు ఎడమ పక్కన, Esc కింద ఉంటుంది. ఫోన్‌లో గుర్తుల పేజీలో వెతకాలి. మామూలు కొటేషన్ గుర్తు వేస్తే పనిచేయదు. టెలిగ్రామ్, స్లాక్‌లలోనూ ఇదే పద్ధతి. పేస్ట్ చేస్తే అక్షరాల బదులు బొమ్మో గీతల పట్టికో వస్తే, ముందు నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి అక్కడి నుంచి మళ్లీ కాపీ చేయాలి.

ఫోన్ తెర ఇరుకు. లైను పొడవైతే మిగిలింది కింది వరసలోకి జారి, పడ్డ కష్టమంతా బూడిదలో పోస్తుంది. మీ ఫోన్‌లో ఎన్ని అక్షరాలు పడతాయో తెలియాలంటే 1234567890 ను ఆపకుండా నాలుగుసార్లు రాసి, అటూ ఇటూ ఆ గుర్తులు పెట్టి మీకు మీరే పంపుకోండి. లైను ఏ అంకె దగ్గర విరిగితే అదే హద్దు. ఫాంటు పెద్దది పెట్టుకునే పెద్దవాళ్లు గ్రూపులో ఉంటే, దానికన్నా నాలుగైదు తక్కువే పెట్టుకోవడం మేలు.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది RIGHT చేసే నిశ్శబ్దపు కోత. కార్పస్ ఫండ్ 12,50,000 రూపాయలనుకోండి. కామాలతో కలిపి అది తొమ్మిదక్షరాలు. ఎనిమిదే ఉంచమన్నాం కాబట్టి ముందున్న 1 ఎగిరిపోయి 2,50,000 అవుతుంది. వరస అందంగానే ఉంటుంది, పది లక్షలు మాత్రం మాయం! డబ్బు లెక్కలకు నేనైతే బాకీ భాగాన్ని ఇలా రాస్తాను:

```
REPT(" ",8-LEN(TEXT(B2,"#,##0")))&TEXT(B2,"#,##0")
```

ఇందులో అంకె పట్టకపోతే REPT కు మైనస్ సంఖ్య వెళ్లి, గడిలో #VALUE! అని పడుతుంది. అది కనిపిస్తే 8 ని 10 చేసుకుంటే చాలు.

వెడల్పు సరిపోయినా ఒకే ఒక్క వరస పక్కకు జరిగితే, ఎక్కడి నుంచో కాపీ చేసిన సమాచారంలో అంటుకొచ్చిన స్పేస్‌ను అనుమానించాలి. వెబ్ పేజీల నుంచి వచ్చే ఒక రకం స్పేస్‌ను TRIM కూడా తీసేయలేదు. SUBSTITUTE(A2,CHAR(160),"") అంటే పోతుంది. ₹ గుర్తు కూడా అన్ని మోనోస్పేస్ ఫాంట్లలో ఉండదు కాబట్టి దాన్ని అంకెల పక్కన పెట్టకపోవడమే నయం.

మెయిల్‌లో చోటుకు ఇంత కరువు లేదు. ఉత్త అక్షరాల మెయిల్‌కు లైను 78 అక్షరాలు దాటకూడదన్నది పాత సంప్రదాయం, పట్టిక దానిలోపు ఉంటే సరి. జీమెయిల్‌లో పట్టికను సెలెక్ట్ చేసి, ఫాంట్ల జాబితాలో Fixed Width ఎంచుకోవాలి. ఫార్మాటింగ్ తీసేసి ఉత్త అక్షరాలుగా పంపితే ఆ ఫాంటు పోతుంది. అప్పుడు వరస నిలుస్తుందా లేదా అన్నది అవతలివాళ్ల మెయిల్ ప్రోగ్రాం ఏ ఫాంటులో చూపిస్తుందన్నదాని మీదే ఉంటుంది. ఎస్సెమ్మెస్‌లోనూ ఇదే ఇబ్బంది. అలాంటి చోట కాలమ్‌లు మానేసి ‘204: 12,500’ అని వరసకొకటి రాసి పంపడమే సులువు.