అంచున మురికి, అంచున మెరుపు

ముఖాలను యంత్రంతో కలిపే పద్ధతిని ఫ్రాన్సిస్ గాల్టన్ 1878లో ‘నేచర్’ పత్రికలో వివరించాడు. 8 మంది ఫొటోలు ఉన్నాయి, వాటిలో దేనికైనా సరైన నకలు తీయాలంటే ప్లేటు మీద 80 సెకన్లు వెలుగు పడాలి అనుకుందాం. ఫొటోలన్నిటినీ కళ్లు ఒకే చోటికి వచ్చేలా పేర్చి, ఒక్కోదాని వెలుగును అదే ప్లేటు మీద 10 సెకన్లు పడనిస్తే సరి. నేరస్థుల ముఖాల్లో ఉమ్మడి పోలిక పట్టుకోవాలన్న ఆయన ఆశ ఎక్కడికీ చేరలేదు, చేరకపోవడమే మంచిదైంది. పద్ధతిలోని లెక్క మాత్రం తప్పులేనిది. ప్లేటు మీద కలిసింది వెలుగే. కడిగినప్పుడు ప్లేటు ఆ వెలుగును తన తీరులో నలుపు తెలుపులుగా మారుస్తుంది, కానీ అప్పటికే కలపడం పూర్తయింది.

కంప్యూటర్ ఈ వరుసను తలకిందులు చేసింది. ఫొటో ఫైల్లో ఒక పిక్సెల్‌కు 128 అని ఉంటే అది 255లో సగం కాబట్టి సగం వెలుగు అనిపిస్తుంది. నిజానికి అది 21.6 శాతం వెలుగే. సగం వెలుగు కావాలంటే 188 రాయాలి. ఈ వంపుకు గామా అని పేరు. పాత టీవీ గొట్టంలో తెర వెలుగు వోల్టేజికి సమానంగా పెరగదు, మొదట నెమ్మదిగా, పైకి వెళ్లేకొద్దీ వేగంగా పెరుగుతుంది. దాన్ని సరిచేయడానికి కెమెరా దగ్గరే సంకేతాన్ని ఎదురు దిక్కుకు వంచి పంపేవారు. గొట్టాలు పోయాయి, వంపు మిగిలింది. హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ 1996లో ప్రతిపాదించిన ఎస్‌ఆర్‌జీబీలో అది స్థిరపడింది, 1999లో అంతర్జాతీయ ప్రమాణమైంది. అది మిగలడానికి మంచి కారణమే ఉంది. మన కన్ను చీకటి ఛాయల్లో చిన్న తేడాలను కూడా పట్టేస్తుంది. వంపు ఉన్న అంకెలు ఎక్కువ మెట్లను చీకటి వైపే ఖర్చు చేస్తాయి కాబట్టి 8 బిట్లతోనే పని జరిగిపోతుంది.

కలిపే సూత్రం మరోచోట పుట్టింది. 1977 ప్రాంతంలో న్యూయార్క్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఎడ్ క్యాట్మల్, ఆల్వీ రే స్మిత్ ప్రతి పిక్సెల్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలంతో పాటు నాలుగో అంకెను చేర్చి దానికి ఆల్ఫా అని పేరు పెట్టారు. లూకాస్‌ఫిల్మ్‌లో థామస్ పోర్టర్, టామ్ డఫ్ 1984లో దానికి పూర్తి గణితం కట్టారు. ఆ గణితంలో ఆల్ఫా అంటే పిక్సెల్ వైశాల్యంలో ఎంత భాగాన్ని పై బొమ్మ కప్పింది అన్నదే. ముఖం ఎఫ్, వెనక ఉన్నది బీ అనుకుంటే సూత్రం ఇంతే:

```
out = a*F + (1-a)*B
```

ఫేస్ స్వాప్ ప్రోగ్రాముల్లో చివరికి జరిగేది ఎక్కువగా ఇదే. తెచ్చిన ముఖానికి మెత్తని అంచున్న మాస్క్ వేసి అతికిస్తారు. అయితే `cv2.imread` ఫొటోను చదివి ఇచ్చేవి వంపు ఉన్న అంకెలే. ఈ సూత్రం వాటిని నిజం వెలుగుగా భావించి కలిపేస్తుంది. తప్పు జరిగిందని ఏ హెచ్చరికా రాదు.

నుదుటి దగ్గర ఒక పిక్సెల్‌ను తీసుకుని లెక్క చూద్దాం. చర్మం విలువ 200, నల్లటి జుట్టు విలువ 30, మాస్క్ సరిగ్గా సగం. అంకెలను నేరుగా కలిపితే 115 వస్తుంది, అంటే 17.1 శాతం వెలుగు. వెలుగులోకి మార్చి చూస్తే చర్మం 57.8 శాతం, జుట్టు 1.3 శాతం. వాటి సగటు 29.5. తిరిగి అంకెగా రాస్తే 148. అదే జుట్టు పాయ నిజంగా పిక్సెల్‌లో సగం కప్పి ఉంటే కెమెరా కూడా 148 దగ్గరే నమోదు చేసేది. మన ప్రోగ్రాం అందులో రమారమి ఐదింట రెండు వంతుల వెలుగును మింగేసింది. జుట్టు మొదలయ్యే చోట కనిపించే మసి గీత అదే.

అది ఒట్టి నలుపుగా కాక మురికిగా కనిపించడానికి కారణం, మూడు రంగులూ ఒకే మోతాదులో నష్టపోకపోవడం. రెండు వైపుల విలువలు ఎంత దూరంగా ఉంటే నష్టం అంత ఎక్కువ. ఆకుపచ్చ గోడ ముందు చర్మం ఉంటే ఎరుపులో తేడా పెద్దది, ఆకుపచ్చలో చిన్నది. కలిసినచోట ఎరుపు ఎక్కువగా పడిపోయి, చర్మం పాచి పట్టినట్టు కనిపిస్తుంది. దీనికి ఎదురు ఉదాహరణ బుగ్గ. 180 ఉన్న చర్మాన్ని 200 ఉన్న చర్మంతో సగానికి సగం కలపండి. ఏ పద్ధతిలో చేసినా 190 వస్తుంది. కాబట్టి బుగ్గ మధ్యలో మచ్చ కనిపిస్తే గామాను నిందించకూడదు, అక్కడ రెండు ముఖాల రంగే కుదరలేదు.

అయితే అన్నిటినీ వెలుగులోకి మార్చి కలిపితే తీరిపోతుందా? మార్చి చూసినవాళ్లకు తరచూ ఎదురయ్యేది కొత్త బాధ. మసి పోతుంది, దాని చోట ముఖం చుట్టూ తెల్లటి మెరుపు వస్తుంది. పైన చెప్పిన పిక్సెల్‌నే తీసుకుని మాస్క్‌ను పావు వంతుకు తగ్గించండి. పాత పద్ధతిలో 72 వచ్చే చోట ఇప్పుడు 109 వస్తుంది. అంటే మాస్క్ పావు వంతు మాత్రమే ఉన్నచోట కూడా చర్మం బలంగా కనిపిస్తోంది. కంటికి ముఖం బయటికి ఉబ్బి జుట్టు మీద వెలుగుతున్నట్టు తోస్తుంది.

ఇది లెక్కలో తప్పు కాదు, మాస్క్‌కు మనం ఇచ్చిన అర్థంలో తప్పు. పోర్టర్, డఫ్‌ల ఆల్ఫా నిజంగా కప్పిన వైశాల్యం. జుట్టు పాయ అంచున ఒకటి రెండు పిక్సెళ్ల వెడల్పులో అది నిజమే, అక్కడ వెలుగులో కలపడమే సరైనది. స్వాప్‌లో మాస్క్ అంచు సాధారణంగా అలా కొలిచింది కాదు, ఎవరో 20 పిక్సెళ్లు మసకబార్చింది. అక్కడ సగం అంటే సగం కప్పింది అని కాదు, చూపుకు సగం మారాలి అన్న కోరిక. అలాంటి వెడల్పు అంచును వంపు ఉన్న అంకెల్లో కలిపితేనే కంటికి సాఫీగా ఉంటుంది. అందుకే ఈ రెండు రకాల అంచులకూ ఒకే మాస్క్ వాడడం నాకు నచ్చదు.

మరో రకం మెరుపు కలపడంతో రాదు, ముఖంతో పాటే వస్తుంది. తెల్లగోడ ముందు తీసిన ఫొటో నుంచి ముఖాన్ని కత్తిరిస్తే అంచు పిక్సెళ్లలో గోడ వెలుగు ముందే కలిసి ఉంటుంది. గుర్తుపట్టడానికి అదే ముఖాన్ని ఒకసారి నల్లటి, ఒకసారి తెల్లటి, ఒకసారి ముదురు నీలం నేపథ్యం మీద పెట్టండి. ఏ నేపథ్యం మీదైనా అంచు పాత గోడ రంగులోనే ఉంటే అది ఎంగిలి రంగు. దాన్ని గామా మార్పు పోగొట్టదు, మాస్క్‌ను ఒక పిక్సెల్ లోపలికి జరపాలి, లేదా అంచు పిక్సెళ్లకు లోపలి చర్మం రంగు ఇవ్వాలి.

వెలుగులోకి మార్చినప్పుడు 8 బిట్లలో దాచకూడదు. వెలుగును సమానంగా 255 మెట్లు చేస్తే మొదటి మెట్టే పాత అంకెల్లో సుమారు 13తో సమానం. దాని కింది నీడలన్నీ ఒకటి రెండు ముద్దలవుతాయి, గడ్డం కింద మెట్లు మెట్లుగా గీతలు పడతాయి. కలపడం అయ్యేదాకా దశాంశ సంఖ్యలే వాడాలి.

పాత మాస్క్‌ను అలాగే ఉంచి వెలుగులో కలపాలనుకునేవారు దాన్ని కూడా వంచాలి. మన నుదుటి పిక్సెల్‌లో చూపుకు పాత 115 రావాలంటే ఆల్ఫా 50 శాతం కాదు, 28 శాతం సరిపోతుంది. కానీ ఇదే వంపును అంచు అంతా వాడలేం. అదే ముఖం కింది భాగంలో 30 విలువున్న నల్లటి గడ్డం, 200 విలువున్న గోడ ముందుకు వస్తుంది. అక్కడ పైనున్నది చీకటి, వెనకున్నది వెలుగు. అదే 115 రావాలంటే ఇప్పుడు ఆల్ఫా 72 శాతం కావాలి.