ధర మారితే రాబడి ఎటు మారుతుంది? డిమాండ్ వ్యాకోచత్వంలో మధ్యబిందు పద్ధతి

ధరలో వచ్చిన శాతం మార్పుకు ప్రతిగా కొనుగోలు పరిమాణంలో ఎంత శాతం మార్పు వస్తుందో తెలిపే నిష్పత్తినే డిమాండ్ ధర వ్యాకోచత్వం అంటారు. ఈ నిష్పత్తి ఒకటి కంటే తక్కువైతే ధర పెరిగినప్పుడు మొత్తం రాబడి పెరుగుతుందని, ఒకటి కంటే ఎక్కువైతే తగ్గుతుందని మనం పాఠాల్లో చెబుతుంటాం. అయితే శాతాన్ని దేని ఆధారంగా లెక్కించాలన్న ప్రశ్నను తేల్చకపోతే ఈ సూత్రమే మనలను తప్పుదారి పట్టిస్తుంది.

ఎన్టీఆర్ జిల్లా మెట్ట ప్రాంతంలోని చెవిటికల్లు పరిసరాల నుంచి ఒక కూరగాయల సంతకు వంకాయలు వస్తున్నాయని అనుకొందాం. ఇక్కడ వాడే అంకెలన్నీ వివరణ కోసం ఊహించినవే. కిలో ధర 20 రూపాయలున్నప్పుడు 1000 కిలోలు, 25 రూపాయలున్నప్పుడు 800 కిలోలు అమ్ముడయ్యాయి. రెండు సందర్భాల్లోనూ రాబడి 20,000 రూపాయలే. ధర 20 నుంచి 25కు పెరిగిందని లెక్కిస్తే ధరలో పెరుగుదల 25 శాతం, పరిమాణంలో తగ్గుదల 20 శాతం, వ్యాకోచత్వం 0.8. అదే ధర 25 నుంచి 20కి తగ్గిందని లెక్కిస్తే ధరలో తగ్గుదల 20 శాతం, పరిమాణంలో పెరుగుదల 25 శాతం, వ్యాకోచత్వం 1.25. సంత ఒకటే, కొనుగోలుదారులు వారే, సమాధానాలు మాత్రం రెండు. మొదటి సమాధానాన్ని నమ్మితే ధర పెంపుతో రాబడి పెరగాలి. రెండవదాన్ని నమ్మితే ధర తగ్గింపుతో పెరగాలి. వాస్తవంలో రాబడి కదలనే లేదు.

ఈ చిక్కును తొలగించేందుకు మార్పును తొలి విలువతో గాక రెండు విలువల సగటుతో భాగిస్తారు. ఆర్.జి.డి. అలెన్ 1934లో చాప వ్యాకోచత్వాన్ని చర్చించిన వ్యాసంతో ముడిపడిన ఈ విధానమే మధ్యబిందు పద్ధతి. రెండు సగటుల్లోని 2 కొట్టివేతకు పోగా మిగిలే సూత్రం ఇది:

```
E = [(Q1 - Q2) / (Q1 + Q2)] / [(P2 - P1) / (P1 + P2)]
```

పై ఉదాహరణలో పరిమాణం మార్పు 200ను సగటు 900తో, ధర మార్పు 5ను సగటు 22.50తో భాగిస్తే రెండూ 22.2 శాతమే వస్తాయి. వ్యాకోచత్వం సరిగ్గా 1. ఎటు నుంచి లెక్కించినా ఇదే విలువ.

ఇది కేవలం సౌకర్యం కాదు. సూత్రంలోని లవ హారాలను అడ్డంగా గుణించి ఒకదానినుంచి మరొకటి తీసివేస్తే చివరకు మిగిలేది రెండు రాబడుల తేడాకు రెట్టింపు మాత్రమే. అందువల్ల మధ్యబిందు విలువ ఒకటి కంటే తక్కువైతే ఎక్కువ ధర వద్దనే రాబడి ఎక్కువ. ఒకటి కంటే ఎక్కువైతే తక్కువ ధర వద్దనే రాబడి ఎక్కువ. ధర మార్పు ఎంత పెద్దదైనా ఈ నియమం తప్పదు.

ఇప్పుడు పంట విరగకాసిన సందర్భం చూద్దాం. సంతకు 8000 కిలోలు వచ్చినప్పుడు ధర 30 రూపాయలు, 10,000 కిలోలు వచ్చినప్పుడు 20 రూపాయలు. పరిమాణం మార్పు 22.2 శాతం, ధర మార్పు 40 శాతం, వ్యాకోచత్వం సుమారు 0.56. రాబడి 2,40,000 నుంచి 2,00,000కు పడిపోయింది. అదనంగా వచ్చిన 2000 కిలోలకు కోత కూలి, కిరాయి పెట్టి మరీ రైతులందరూ కలిసి 40,000 రూపాయలు పోగొట్టుకొన్నారు.

అయినా ఏ రైతూ తనంతట తాను సరకు తగ్గించుకోడు. వంద కిలోలు తెచ్చే రైతు ఒక్కడే 125 కిలోలు తెస్తే సంత ధర కదలదు. అతని రాబడి 3000 నుంచి 3750 అవుతుంది. అందరూ అలాగే తెస్తే ఒక్కొక్కరికి దక్కేది 2500 రూపాయలే. సంత మొత్తానికి డిమాండ్ అవ్యాకోచంగా ఉన్నా, ఒక్క రైతుకు మాత్రం అది దాదాపు అనంత వ్యాకోచంగానే కనిపిస్తుంది.

ఈ లెక్కకు ఒక షరతు ఉంది. రెండు సంతల మధ్య మారినది సరఫరా మాత్రమే కావాలి, డిమాండ్ రేఖ కదలకూడదు. కార్తీక మాసంలో మాంసాహారం మానేవారు ఎక్కువ కావడంతో కూరగాయల గిరాకీ పెరుగుతుంది. ఆశ్వయుజంలోని ధరను కార్తీకంలోని ధరతో పోల్చి వచ్చిన అంకె వ్యాకోచత్వం కాదు. ధర, పరిమాణం రెండూ ఒకే దిశలో కదిలితే డిమాండ్ మారిందని వెంటనే గ్రహించవచ్చు. వ్యతిరేక దిశల్లో కదిలినంత మాత్రాన డిమాండ్ కదలలేదని రుజువు కాదు కనుక దగ్గరి వారాల ధరలనే పోల్చడం మేలు. పైగా 0.56 అనే విలువ 20, 30 రూపాయల మధ్య భాగానికే చెందుతుంది. పది రూపాయల ధరకు దానిని వర్తింపజేయరాదు.

కనుక అవ్యాకోచ డిమాండ్ ఉన్న, నిల్వకు నిలవని పంటల్లో గ్రామమంతా ఒకే వారంలో నారు నాటకుండా రెండు మూడు వారాల తేడాతో నాటితే, మొత్తం దిగుబడి తగ్గకుండానే సంతకు చేరే సరకు ఒకేసారి గుట్టపడకుండా ఉంటుంది. అయితే ఇది ఒక్క రైతు నిర్ణయంతో సాధ్యపడదు, రైతులు కలిసి తీసుకోవలసిన నిర్ణయం.