మూడు గడులు దాటిన క్యూఆర్ఎస్

ఈసీజీ కాగితం మీద అడ్డంగా ఒక్కో చిన్న గడి 0.04 సెకన్ల కాలం. గుండె కింది గదులు రెండూ ముడుచుకునే ముందు వాటి కండరమంతా కరెంటు పాకుతుంది. అలా పాకినప్పుడు కాగితం మీద పడే నిటారు గీతనే క్యూఆర్ఎస్ అంటారు. మామూలు గుండెలో ఈ పని రెండున్నర గడుల్లోపే ముగుస్తుంది. మూడు గడులు, అంటే 0.12 సెకన్లు, లేదా అంతకంటే ఎక్కువ పట్టిందంటే చాలాసార్లు ఆ రెండు గదుల్లో ఒకదానికి కరెంటు ఆలస్యంగా చేరుతోందని అర్థం. ఇలాంటి కాగితాన్ని అందరి ఈసీజీలాగే చదివితే లేని గుండెపోటు కనిపిస్తుంది. ఒక్కోసారి ఉన్న గుండెపోటు కనిపించకుండా పోతుంది. ఈ రెండో ప్రమాదం గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం.

గుండె పైగదుల నుంచి వచ్చే కరెంటు ఒక సన్నని కట్ట గుండా కిందికి దిగి కుడి, ఎడమ శాఖలుగా చీలుతుంది. ఈ మార్గం మొత్తాన్ని జపాన్ వైద్యుడు సునావో తవారా జర్మనీలో పనిచేస్తూ 1906లో పూర్తిగా గీసి చూపించాడు. ఈ శాఖల్లో కరెంటు చాలా వేగంగా పరుగెడుతుంది. ఎడమ శాఖ పనిచేయకపోతే కరెంటు ముందు కుడి గదికి చేరి, అక్కడి నుంచి మధ్యగోడను దాటి, కండరం నుంచి కండరానికి పాకుతూ ఎడమ గదికి వెళ్లాలి. పిల్లకాలువ పూడిపోయినప్పుడు నీరు పక్క చేను గట్టు దాటి, మడి తర్వాత మడి తడుపుకుంటూ వచ్చినట్టే. ఎడమ గదికి కరెంటు అందుతుంది గానీ ఆలస్యంగా, ఎదురు దిశ నుంచి అందుతుంది. దీన్ని లెఫ్ట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్ అంటారు, వార్డుల్లో ఎల్‌బీబీబీ అనేస్తారు. కుడి శాఖ ఆగిపోతే అది ఆర్‌బీబీబీ. ఈ బ్లాక్‌కూ స్టెంట్ వేయించుకునే బ్లాక్‌కూ సంబంధం లేదు. అక్కడ పూడుకునేది రక్తనాళం, ఇక్కడ ఆగేది కరెంటు. రిపోర్టులో ‘బ్లాక్’ అన్న మాట చూడగానే యాంజియోగ్రామ్‌కు డబ్బు సర్దుకునే కుటుంబాలు ఉన్నాయి కాబట్టి ఈ తేడా చెప్పక తప్పదు.

ఇప్పుడు అసలు చిక్కులోకి వద్దాం. క్యూఆర్ఎస్ ముగిశాక కండరం మళ్లీ విశ్రాంతి స్థితికి వస్తుంది. కాగితం మీద ఎస్‌టీ అనే చదునైన భాగం, టీ అనే గుట్ట ఆ కాలానివే. గుండెపోటులో, ముఖ్యంగా నాళం పూర్తిగా మూసుకుపోయినప్పుడు, ఎస్‌టీ పైకి లేస్తుంది. క్యాజువాలిటీలో డాక్టర్ కళ్లు మొదట వెతికేది దాన్నే. కానీ ఎల్‌బీబీబీ ఉన్నవాళ్లలో కరెంటు పాకిన వరుస తారుమారైంది కాబట్టి, విశ్రాంతికి వచ్చే వరుస కూడా మారిపోతుంది. ఫలితంగా క్యూఆర్ఎస్ ఏ వైపు పోతే ఎస్‌టీ, టీ దానికి వ్యతిరేక దిశలో పోతాయి. ఛాతీ మధ్యకు దగ్గరగా ఉండే వీ1, వీ2, వీ3 లెడ్లలో క్యూఆర్ఎస్ లోతుగా కిందికి దిగుతుంది, ఎస్‌టీ పైకి లేస్తుంది. ఎడమ చంక వైపు ఉండే వీ5, వీ6లలో క్యూఆర్ఎస్ వెడల్పుగా పైకి లేస్తుంది, ఎస్‌టీ కిందికి జారి టీ తలకిందులవుతుంది. ఇదంతా గుండెకు రక్తం బాగానే అందుతున్న మనిషిలో కూడా కనిపిస్తుంది. అంటే వీ2లో ఎస్‌టీ మూడు, నాలుగు మిల్లీమీటర్లు లేచి ఉండటం ఎల్‌బీబీబీలో మామూలు సంగతి. అదే ఇంకొకరిలో అత్యవసరం.

చాలా ఏళ్లు వైద్యలోకం ఈ చిక్కును ఒక మోటు నియమంతో దాటింది: ఛాతీనొప్పితో వచ్చిన మనిషికి కొత్తగా ఎల్‌బీబీబీ ఉంటే గుండెపోటుగానే చూడాలి. కొత్తదా పాతదా అని తేల్చడానికి పాత ఈసీజీ చాలామంది దగ్గర ఉండదు. ఉన్నా, అది తీసిన రోజుకూ ఇవాళ్టికీ మధ్య ఎప్పుడు వచ్చిందో ఎవరికి తెలుసు? ఏళ్ల తరబడి అదుపులో లేని బీపీ, గుండె కండర జబ్బు, బృహద్ధమని కవాటం బిగుసుకుపోవడం, వయసు కూడా ఎల్‌బీబీబీని తెస్తాయి. ఆ నియమం వల్ల నాళం మూసుకోని వాళ్లను అర్ధరాత్రి క్యాథ్‌ల్యాబ్‌కు పరుగెత్తించాల్సి వచ్చింది. చివరికి అమెరికా మార్గదర్శకాలు 2013లో, కొత్త ఎల్‌బీబీబీ ఒక్కటే గుండెపోటు గుర్తు కాదని తేల్చాయి. ఆ మార్పు సరైనదే. అయితే పాత నియమం పోయింది కదా అని ‘ఎల్‌బీబీబీలో ఈసీజీ చూసి లాభం లేదు’ అనుకోవడం దానికంటే పెద్ద పొరపాటు.

లాభం ఉందని ఎలెనా స్గార్బోసా, ఆమె సహచరులు 1996లోనే చూపించారు. వాళ్లు పట్టుకున్న సూత్రం సులువైనది. ఎల్‌బీబీబీలో క్యూఆర్ఎస్, ఎస్‌టీ వ్యతిరేక దిశల్లో ఉండాలి. రెండూ ఒకే వైపు పోతున్నాయంటే ఏదో తప్పు జరుగుతోంది. క్యూఆర్ఎస్ పైకి ఉన్న లెడ్‌లో ఎస్‌టీ కూడా ఒక మిల్లీమీటరు లేచినా అది బలమైన గుర్తు. వీ1 నుంచి వీ3 లోపల క్యూఆర్ఎస్ కిందికి ఉండి, ఎస్‌టీ కూడా ఒక మిల్లీమీటరు దిగినా అంతే. మామూలు ఈసీజీలో ఒక మిల్లీమీటరు తేడాను ఒక్కోసారి వదిలేస్తారు. ఇక్కడ వదలకూడదు, ఎందుకంటే అది ఉండాల్సిన దిశలోనే లేదు. వ్యతిరేక దిశలోనే ఉన్నా ఎస్‌టీ మరీ ఎక్కువగా, ఐదు మిల్లీమీటర్లో అంతకు మించో లేచి ఉంటే దాన్ని బలహీనమైన మూడో గుర్తుగా లెక్కించారు.

ఆ మూడో నియమంలోనే లోపం ఉంది. క్యూఆర్ఎస్ ఎంత లోతైతే ఎస్‌టీ అంత ఎత్తు లేవడం సహజం. కాబట్టి ఎత్తును ఒంటరిగా కాకుండా లోతుతో పోల్చి చూడాలి. స్టీఫెన్ స్మిత్ బృందం 2012లో ఈ సవరణ చేసింది: ఎస్‌టీ ఎత్తు కింది గీత లోతులో నాలుగో వంతు, అంటే 0.25, చేరిందా లేదా అన్నదే ప్రశ్న.

లెక్క చూపించడానికి ఒక రోగిని ఊహించుకుందాం. అరవై దాటిన పెద్దాయన, పదేళ్లుగా బీపీ మాత్రలు వేసుకుంటున్నారు. గంటన్నరగా ఛాతీ బరువుగా ఉందని, చెమటలు పడుతున్నాయని కొడుకు వెంటబెట్టుకొచ్చాడు. క్యూఆర్ఎస్ నాలుగు గడులు, 0.16 సెకన్లు. మెషీన్ పైన ఎల్‌బీబీబీ అని అచ్చు వేసి ఊరుకుంది. డాక్టర్ స్కేలు తీసుకున్నారు. వీ2లో కిందికి దిగిన గీత లోతు 32 మిల్లీమీటర్లు, ఎస్‌టీ పైకి లేచింది 5.5. పాత నియమం ప్రకారం ఐదు దాటింది కాబట్టి కలవరపడాలి. కానీ 5.5ను 32తో భాగిస్తే 0.17 వస్తుంది. అంత లోతైన గీతకు ఆ మాత్రం ఎత్తు ఉండాల్సిందే. తర్వాత వీ4. అక్కడ కింది గీత 10 మిల్లీమీటర్లే, ఎస్‌టీ ఎత్తు 3. ఐదులో సగం దాటిందంతే, కంటికి వీ2 ముందు చిన్నగా కనిపిస్తుంది. కానీ 3ను 10తో భాగిస్తే 0.30. నాలుగో వంతు దాటింది. పెద్దదిగా కనిపించిన వీ2 మామూలుది, చిన్నదిగా కనిపించిన వీ4 ప్రమాద సూచన. ఆ లక్షణాలతో ఇలాంటి కాగితం చేతిలో ఉన్నప్పుడు ట్రోపోనిన్ రిపోర్టు కోసం కూర్చోకుండా క్యాథ్‌ల్యాబ్‌కు ఫోన్ చేయాలి.

కొలిచే చోటు కూడా ముఖ్యమే. క్యూఆర్ఎస్ ముగిసి ఎస్‌టీ మొదలయ్యే మలుపు దగ్గర, క్యూఆర్ఎస్‌కు ముందున్న చదును గీతతో పోల్చి కొలవాలి. వెడల్పాటి గీతలో ఆ మలుపు జారుడుగా ఉండి సరిగా కనిపించదు. కాబట్టి మలుపు స్పష్టంగా ఉన్న లెడ్‌లో అది ఏ గడిలో పడిందో చూసి, మిగతా లెడ్లలో అదే నిలువు గీత పట్టుకోవాలి. ఇంత చేసినా ఈ గుర్తులు కనిపించనంత మాత్రాన గుండెపోటు లేదని చెప్పలేం. 1996 నాటి స్కోరు దొరికినప్పుడు దాదాపు ఎప్పుడూ నిజమే చెబుతుంది గానీ, గుండెపోటు వచ్చిన చాలామందిని అది పట్టుకోలేదు. అందుకే నొప్పి తగ్గకపోతే పదిహేను, ఇరవై నిమిషాలకోసారి ఈసీజీ మళ్లీ తీసి, ముందుదాని పక్కన పెట్టి చూస్తారు. స్థిరంగా ఉండే ఎల్‌బీబీబీ మారదు. గుండెపోటు మారుతూ ఉంటుంది.

కుడి శాఖ బ్లాక్ సంగతి వేరు. ఆర్‌బీబీబీలో ఎడమ గది మామూలుగానే, ముందుగానే కరెంటు అందుకుంటుంది, ఆలస్యం చివర్లో కలుస్తుంది. అందుకే పాత గుండెపోటు మచ్చలు చూపించే క్యూ గీతలను దీనిలో మామూలుగానే నమ్మవచ్చు. ఎల్‌బీబీబీలో అయితే వీ1 నుంచి వీ3 వరకు కనిపించే లోతైన గీతలు పాత గుండెపోటును అచ్చంగా అనుకరిస్తాయి. ఆర్‌బీబీబీలో వీ1, వీ2లలో ఎస్‌టీ కాస్త దిగి, టీ తలకిందులవడం సహజం. కాబట్టి అక్కడ ఎస్‌టీ లేచి ఉంటే అది బ్లాక్ వల్ల వచ్చింది కాదు, దాన్ని తీవ్రంగానే తీసుకోవాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ ఆర్‌బీబీబీ కనిపిస్తుంది. కానీ ఛాతీనొప్పితో పాటు ఉంటే తేలిగ్గా తీసుకోవద్దని యూరప్ మార్గదర్శకాలు 2017లో ప్రత్యేకంగా చెప్పాయి.

వెడల్పు ఇంకో కొలతనూ చెడగొడుతుంది. క్యూటీ అంటే క్యూఆర్ఎస్ మొదలు నుంచి టీ చివరి దాకా పట్టే కాలం. కొన్ని యాంటీబయాటిక్‌లు, మానసిక వ్యాధుల మందులు దీన్ని ప్రమాదకరంగా పొడిగిస్తాయి కాబట్టి డాక్టర్లు గమనిస్తుంటారు. క్యూఆర్ఎస్ వెడల్పైతే క్యూటీ తనంతట తానే పెరుగుతుంది. నాడి నిమిషానికి 60 ఉన్న ఎల్‌బీబీబీ రోగిలో క్యూటీ 480 మిల్లీసెకన్లు, క్యూఆర్ఎస్ 160 అనుకోండి. బొగొస్సియన్ సూత్రం ప్రకారం క్యూఆర్ఎస్‌లో 48.5 శాతం, అంటే సుమారు 78, తీసేస్తే మిగిలేది 402. అది మామూలే. మెషీన్ ఇచ్చిన 480ని మాత్రమే చూసి అవసరమైన మందు ఆపేస్తే రోగికి నష్టం.

ట్రెడ్‌మిల్ పరీక్ష కూడా ఎల్‌బీబీబీలో పనికిరాదు. పరుగెత్తినప్పుడు ఎస్‌టీ మరింత దిగినా, అది రక్తం చాలకనా బ్లాక్ వల్లనా తేల్చలేం. రక్తప్రసరణను చూపించే స్కాన్ చేస్తే, అందులోనూ పరుగెత్తించకుండా నాళాలను వెడల్పు చేసే మందు ఇచ్చి తీయడం మేలు. పరుగెత్తిస్తే మధ్యగోడలో లేని లోపం కనిపిస్తుంది.

ఎల్‌బీబీబీ ఉందని ఒకసారి తెలిసినవాళ్లు నొప్పి లేనప్పుడు తీసిన ఈసీజీని దగ్గర పెట్టుకోవాలి. క్యాజువాలిటీలో దానికున్న విలువ ఏ ఫైలుకూ లేదు. ఈసీజీ కాగితం వేడికి స్పందించే రకం, కొన్నేళ్లలో గీతలు వెలిసిపోతాయి. భద్రం అనుకొని లామినేషన్ చేయిస్తే ఆ వేడికి కాగితమంతా నల్లబడుతుంది. జిరాక్స్ తీయించి, పన్నెండు లెడ్లూ స్పష్టంగా కనిపించేలా ఫోన్‌లో ఫొటో కూడా తీసి, తేదీ రాసి ఇంట్లో ఇంకొకరికి పంపి ఉంచితే చాలు.