మీకు తెలుసా? డబ్బా మీద 24 గ్రాములు, స్కూప్‌లో 19
వే పొడిలోని ప్రోటీన్‌ను ప్రయోగశాలలు సాధారణంగా నేరుగా తూచవు. జెల్డాల్ పద్ధతిలో నత్రజనిని కొలిచి, దాన్ని 6.25తోనో 6.38తోనో గుణిస్తాయి. ఆ నత్రజని పాల ప్రోటీన్‌దా, విడిగా కలిపిన చవక గ్లైసిన్‌దా అన్నది ఈ పరీక్ష పట్టుకోలేదు. నరసరావుపేటలో కొన్న డబ్బా మీద 30 గ్రాముల స్కూప్‌కు 24 గ్రాముల ప్రోటీన్ అని ఉందనుకుందాం. ఆ స్కూప్‌లో 4 గ్రాములు గ్లైసిన్ అయితే, 6.25 లెక్కన అది 4.7 గ్రాముల ప్రోటీన్‌గా నమోదవుతుంది. అసలు పాల ప్రోటీన్ 19.3 గ్రాములే. కండరాల పెరుగుదలకు కీలకమైన లూసిన్‌ను గ్లైసిన్ ఇవ్వలేదు కాబట్టి ఇది ఉత్త అంకెల తేడా కాదు. పదార్థాల జాబితాలో గ్లైసిన్, టారిన్ విడిగా కనిపిస్తే అనుమానించాలి. రాయకుండా కలిపితే మాత్రం అమైనో ఆమ్లాలను విడివిడిగా కొలిచే పరీక్షలో బయటపడుతుంది.