తొందరపడ్డ కమిటీ, పద్నాలుగేళ్ల ఆలస్యం

గోవా విశ్వవిద్యాలయంలో ఓ అధ్యాపకుడిపై 2009లో విద్యార్థినులు లైంగిక వేధింపుల ఫిర్యాదు చేశారు. కమిటీ హడావుడిగా విచారణ ముగించింది, అతని ఉద్యోగం పోయింది. కానీ తన వాదన వినిపించుకునే సరైన అవకాశం అతనికి దక్కలేదంటూ 2023లో సుప్రీంకోర్టు ఆ తొలగింపును రద్దు చేసి, విచారణను మళ్లీ కమిటీకే పంపింది. తొందరపాటు వల్ల ఫిర్యాదుదారులకే నష్టం.

2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. అధ్యక్షురాలు ఆ సంస్థలోని సీనియర్ ఉద్యోగిని. సభ్యుల్లో కనీసం సగం మహిళలు, ఒకరు తప్పనిసరిగా బయటివారు.

ఓ ఉద్యోగిని తన మేనేజరుపై ఫిర్యాదు చేసిందనుకుందాం. ఘటన జరిగిన మూడు నెలల్లోపు రాసివ్వాలి. తగిన కారణముంటే కమిటీ మరో మూడు నెలలు పొడిగించవచ్చు. విచారణ 90 రోజుల్లో పూర్తవ్వాలి. ఆలోగా ఆమె పనితీరుకు మార్కులు వేసేది ఆ మేనేజరే అయితే? ఆమె రాతపూర్వకంగా కోరితే, ఆ బాధ్యత వేరొకరికి అప్పగించమనీ, ఇద్దరిలో ఒకరిని బదిలీ చేయమనీ, ఆమెకు మామూలు సెలవులు కాక మూడు నెలల దాకా అదనపు సెలవు ఇమ్మనీ కమిటీ సిఫార్సు చేయవచ్చు. బదిలీ ఆమెకే అంటగడితే మాత్రం అది శిక్షలాగే ఉంటుంది.

రాజీ ఆమె అడిగితేనే, అదీ డబ్బుతో కాదు. ఆరోపణ రుజువు కానంత మాత్రాన ఫిర్యాదు తప్పుడుదైపోదు. ఆమె పేరు బయటపెట్టడాన్ని చట్టం నిషేధిస్తుంది.

మీ ఆఫీసు కమిటీలో ఆ బయటి సభ్యులెవరో ఒకసారి అడగండి.