చెవి చెప్పాల్సిన జవాబు

లాఫ్, స్టాప్, ప్లాన్, వాచ్. ఈ నాలుగు ఇంగ్లిష్ క్రియల చివర ఈ, డీ అనే రెండు అక్షరాలు చేర్చి ప్రశ్నపత్రంలో వరసగా అచ్చువేస్తారు. చేర్చిన అక్షరాల కింద గీత ఉంటుంది. గీత గీసిన భాగం మిగతా మూడింటికి భిన్నంగా పలికే మాటేదో గుర్తించమంటారు. నాలుగింట్లోనూ ఉన్నవి అవే రెండు అక్షరాలు కాబట్టి ఎంతసేపు చూసినా కంటికి తేడా దొరకదు. జవాబు ప్లాన్డ్. అది 'డ్'తో ముగుస్తుంది. మిగతా మూడూ రాయడం ఈడీతోనే అయినా పలకడంలో 'ట్'తో ముగుస్తాయి: లాఫ్ట్, స్టాప్ట్, వాచ్ట్.

మన ఇంటర్మీడియట్ ఇంగ్లిష్ పేపర్లో శబ్దం వేరుగా ఉన్న మాటను పట్టుకోమనే ప్రశ్న ఉంటుంది. స్ట్రెస్ ఏ సిలబుల్ మీద పడుతుందో గుర్తించమనే ప్రశ్న కూడా విద్యార్థులకు పరిచయమే. ఇంగ్లిష్ టీచరు పోస్టులకు చదివేవాళ్లు ఫొనెటిక్స్ పేరుతో ఇదే పాఠాన్ని మరికాస్త లోతుగా చదువుతారు. కోచింగ్ నోట్సులో ఇవన్నీ పొడవాటి జాబితాలుగా కనిపిస్తాయి. జాబితా బట్టీపట్టినవాళ్లకు అందులో లేని మాట ఎదురైతే చేయి ఆగిపోతుంది. నిజానికి ఈడీ ప్రశ్నకు కావలసిన సూత్రం తెలుగు వ్యాకరణం చదివినవాళ్లందరికీ పాత చుట్టమే.

పరుషాలు, సరళాలు బడిలో చదువుకున్నవే. క, చ, ట, త, ప పరుషాలు. గ, జ, డ, ద, బ సరళాలు. గొంతు మీద రెండు వేళ్లు ఆనించి 'ప్' అని, వెంటనే 'బ్' అని చూస్తే రెండోదానికి లోపల సన్నగా అదురు తెలుస్తుంది. స్వరతంత్రులు కంపించినందువల్ల వచ్చే అదురు అది. పరుషాలకు అది ఉండదు. ఇంగ్లిష్ క్రియ అదురు లేని ధ్వనితో ముగిస్తే ఈడీ 'ట్' అవుతుంది, అదురు ఉన్న ధ్వనితో ముగిస్తే 'డ్' అవుతుంది. స, ష, ఫ ధ్వనులకు అదురు ఉండదు కనుక అవి పరుషాల పక్షాన చేరతాయి. మ, న, ల, ర, అచ్చులు అదురు ఉన్న పక్షం. క్రియే ట లేదా డ ధ్వనితో ముగిస్తే మాత్రం రెండు ఒకేచోట ఇరుక్కోకుండా మధ్యలో ఒక చిన్న అచ్చు వచ్చి 'ఇడ్' అవుతుంది. వాంటిడ్, నీడిడ్ అలా వచ్చినవే. సరళాదేశ సంధిలో 'పూచెను'లోని నకారం తర్వాతి 'కలువలు' 'గలువలు'గా మారడం గుర్తున్నవాళ్లకు ఇక్కడి తర్కం కొత్తగా అనిపించదు. అదురు ఉన్న నకారం పక్కనున్న పరుషానికి కూడా అదురు అంటించింది. ఇంగ్లిష్‌లోనూ పొరుగు ధ్వనే చివరి ధ్వనిని నిర్ణయిస్తోంది.

ప్రశ్న తయారుచేసేవాళ్లు ఉచ్చు పన్నేది ఈ సూత్రానికీ స్పెల్లింగుకూ పొత్తు కుదరని చోట. లాఫ్, ప్లౌ అనే రెండు మాటలూ రాతలో జీ, హెచ్‌లతోనే ముగుస్తాయి. నోట్లో మాత్రం మొదటిది 'ఫ్'తో ముగిసి 'ట్' తెచ్చుకుంటుంది, రెండోది అచ్చుతో ముగిసి 'డ్' తెచ్చుకుంటుంది. ప్రామిస్, రైజ్, క్లోజ్, యూజ్ అన్నవాటి సంగతీ అంతే. నాలుగింటి స్పెల్లింగులోనూ చివర ఎస్, ఈ ఉంటాయి. ప్రామిస్‌లో అది 'స', మిగతా మూడింట్లో అదురు ఉన్న జడ్ ధ్వని. కాబట్టి ప్రామిస్టే వేరు. అయితే తెలుగులో ఈ జడ్ ధ్వని లేదు. చాలామంది దాన్ని 'జ'గానో 'స'గానో పలుకుతారు. 'స'గా పలికే అలవాటున్నవాళ్లకు సూత్రం తెలిసినా జవాబు తప్పుతుంది. వాళ్లు ఇంట్లో చదువుకునేటప్పుడు తేనెటీగ రొదలా 'జ్‌జ్‌జ్' అని సాగదీసి, గొంతు మీద వేళ్లుంచి, 'స్‌స్‌స్'తో పోల్చి చూసుకోవాలి.

ఈ గొంతు పరీక్ష ఇంట్లో పనికొచ్చినట్టు పరీక్ష హాల్లో పనికిరాదు. అక్కడ పైకి పలకనివ్వరు కనుక అభ్యర్థులు గుసగుసగా పలికి చూసుకుంటారు. గుసగుసలో స్వరతంత్రులు కంపించవు. ఆ కాసేపూ 'బ్' కూడా 'ప్' లాగే అదురు లేకుండా వస్తుంది. అలా పలికి చూసుకుంటే నాలుగు మాటలూ ఒకే రకంగా తోస్తాయి. హాల్లో ఆధారపడాల్సింది ముందే తెలిసిన పక్షాల మీదే. క్రియ ఏ అక్షరంతో ముగిసిందో వదిలేసి, ఏ ధ్వనితో ముగిసిందో తేల్చుకుంటే చాలు.

స్ట్రెస్ ప్రశ్న ఇంతకంటే కష్టం. తెలుగులో ఒక మాటలోని అక్షరాల్లో ఒకదాన్నే బలంగా పలికి, మిగతావాటిని మింగేసే పద్ధతి లేదు. హ్రస్వం హ్రస్వంగా, దీర్ఘం దీర్ఘంగా ఎక్కడున్నా తన విలువ నిలుపుకుంటుంది. ఇంగ్లిష్ అలా కాదు. మనం ఫోటోగ్రాఫ్ అని రెండు ఓలూ నిండుగా పలుకుతాం. బ్రిటిష్ పలుకుబడిలో స్ట్రెస్ మొదటి సిలబుల్ మీద పడి, రెండో 'ఓ' నలిగిపోయి 'ఫోటగ్రాఫ్' అవుతుంది. ఆ కళ పేరు చెప్పాల్సి వస్తే స్ట్రెస్ రెండో సిలబుల్‌కు జరిగి, ఈసారి మొదటి 'ఓ' నలిగి 'ఫటాగ్రఫీ' అవుతుంది. విశేషణం చేస్తే మూడోదానికి జరిగి 'ఫోటగ్రాఫిక్' అవుతుంది. అంటే స్ట్రెస్ గట్టిగా పలకడం ఒక్కటే కాదు. అది పడిన చోట అచ్చు నిండుగా నిలుస్తుంది, పడని చోట చాలాసార్లు పలచబడి 'అ'కు దగ్గరవుతుంది. అందుకే స్ట్రెస్ తెలుసుకోవడానికి చెవి పట్టుకోవాల్సిన ఆనవాలు గొంతు పెంచడం కన్నా ఎక్కువగా నలిగిన అచ్చే. మనం అచ్చులన్నీ నిండుగా పలుకుతాం కనుక ఆ ఆనవాలు మన నోట్లోనే చెరిగిపోతుంది.

ఒక ప్రశ్నను విప్పి చూద్దాం. ఫెంటాస్టిక్, డొమెస్టిక్, పాలిటిక్స్, మెజెస్టిక్. అన్నీ మూడు సిలబుళ్ల మాటలు, అన్నింట్లోనూ చివర 'ఇక్' వినిపిస్తుంది. 'ఇక్'తో ముగిసే మాటల్లో స్ట్రెస్ దానికి సరిగ్గా ముందున్న సిలబుల్ మీద పడుతుందని నోట్సులో ఉంటుంది, అది చాలావరకు నిజం. ఫెంటాస్టిక్‌లో 'టాస్' మీద, డొమెస్టిక్‌లో 'మెస్' మీద, మెజెస్టిక్‌లో 'జెస్' మీద పడుతుంది. పాలిటిక్స్ ఒక్కటే మొదటి సిలబుల్ 'పా' మీద మొగ్గుతుంది. అరబిక్, క్యాథలిక్ కూడా ఈ మినహాయింపు జట్టులోవే. పాలిటిక్స్‌కు చుట్టమైన పొలిటికల్‌లో స్ట్రెస్ మళ్లీ రెండో సిలబుల్ 'లి'కి జరుగుతుంది. సూత్రం ఎక్కడ తప్పుతుందో తెలిసినవాళ్లకే మార్కు దక్కేలా కూర్చిన ప్రశ్న ఇది. ప్రశ్నగా చూస్తే బాగానే కూర్చారని ఒప్పుకోవాలి.

బాగా కూర్చనివీ ఉంటాయి. రికార్డ్ అనే మాటను వాక్యం లేకుండా ఒంటరిగా ఇచ్చి స్ట్రెస్ ఎక్కడ అంటే న్యాయమైన జవాబు లేదు. నామవాచకమైతే మొదటి సిలబుల్ మీద, క్రియ అయితే రెండోదాని మీద పడుతుంది. ఈడీ ప్రశ్నల్లో లర్న్డ్ అనే మాట కూడా అంతే. నేర్చుకున్నారు అనే అర్థంలో అది 'లర్న్డ్', పండితుడు అనే అర్థంలో 'లర్నిడ్'. ఇక అడ్వర్టైజ్‌మెంట్, లాబొరేటరీ వంటి వాటిలో స్ట్రెస్ బ్రిటన్‌లో ఒకచోట, అమెరికాలో మరోచోట పడుతుంది. ఏ పలుకుబడి ప్రమాణమో ప్రశ్నపత్రంలో చెప్పకపోతే కీ మీద అభ్యంతరాలు రాక తప్పదు. మన దగ్గర ఫొనెటిక్స్ బోధన ఎక్కువగా బ్రిటిష్ పలుకుబడినే అనుసరిస్తుంది. అందుకే అభ్యంతరం పంపే అభ్యర్థి తన వైపు బ్రిటిష్ ఉచ్చారణ నిఘంటువును చూపగలిగితే మేలు. తేడా ఉన్న మాటల్లో అమెరికన్ వీడియోల్లో విన్నదాన్నే నమ్ముకుంటే నష్టపోయేది అభ్యర్థే.

ఈ విషయంలో హైదరాబాద్‌కు ఒక చరిత్ర ఉంది. 1958లో ఇక్కడ సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ మొదలైంది, అదే నేటి ఇఫ్లూ విశ్వవిద్యాలయం. అక్కడ పనిచేసిన ఆర్.కె. బన్సల్ భారతీయుల ఇంగ్లిష్ ఇతర దేశాల వారికి ఎంతవరకు అర్థమవుతుందో పరిశోధించి 1969లో ప్రచురించారు. అర్థం కాకపోవడానికి ఆయన చూపిన కారణాల్లో స్ట్రెస్ తప్పుచోట పడటం ముఖ్యమైనది. కాబట్టి పరీక్షలో అడుగుతున్న విషయం పనికిమాలినది కాదు. దాన్ని కాగితం మీద అడిగితే తెలుస్తుందా అన్నదే అసలు సందేహం.

కాగితం మీద అడగవచ్చని గట్టిగా చెప్పినవాళ్లలో అమెరికన్ భాషావేత్త రాబర్ట్ లాడో ఒకరు. 1961లో వచ్చిన తన పుస్తకంలో ఆయన ఉచ్చారణను రాతపరీక్షతో కొలిచే పద్ధతులను వివరించారు. వేలమందిని ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి మాట్లాడించడం కుదరని చోట ఇది ఆకర్షణీయమైన మార్గమే. 1989లో గ్యారీ బక్ అనే పరిశోధకుడు జపాన్ విద్యార్థులకు ఇలాంటి రాతపరీక్షలు పెట్టి, వాళ్లు నిజంగా ఎలా పలుకుతున్నారో కూడా విని పోల్చిచూశారు. రాతలో వచ్చిన మార్కులు వాళ్ల అసలు ఉచ్చారణ గురించి చెప్పుకోదగ్గ సంగతేమీ చెప్పలేకపోయాయి. జాబితా బట్టీపట్టి సరైన గడి నింపిన విద్యార్థి నోరు తెరిస్తే ఆ మాటనే తప్పుగా పలకవచ్చు. చక్కగా పలికే విద్యార్థి తాను ఎక్కడ ఒత్తి పలుకుతున్నాడో గమనించుకోక తప్పు గడి నింపవచ్చు.

ఆ ఫలితం తర్వాత కూడా జపాన్ విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్షలో మొదటి ప్రశ్న ఏళ్ల తరబడి శబ్దం, స్ట్రెస్ మీదే వచ్చింది. 2021 జనవరిలో కొత్త పరీక్ష వచ్చినప్పుడు దాన్ని తీసేసి చదవడానికి 100, వినడానికి 100 మార్కులు పెట్టారు. వియత్నాంలోనూ హైస్కూలు ముగింపు పరీక్షలో శబ్దం మీద రెండు, స్ట్రెస్ మీద రెండు ప్రశ్నలు ఉండేవి. అక్కడి కోచింగ్ పుస్తకాల్లో ఈడీ సూత్రానికి పేజీలకు పేజీలు కేటాయించారు. 2025లో మారిన ప్రశ్నపత్రంలో అవి లేవు. తెలంగాణ ఇంటర్మీడియట్‌లో 2023-24 నుంచి ఇంగ్లిష్‌కు 20 మార్కుల ప్రాక్టికల్స్ వచ్చాయి. అందులో విద్యార్థి ఎదుటివారితో నోరు విప్పి మాట్లాడాలి, విన్నదాన్ని అర్థం చేసుకుని జవాబివ్వాలి. ప్లాన్డ్‌కూ స్టాప్ట్‌కూ ఉన్న తేడా ఆ గదిలో పరీక్షకుడి చెవికి నేరుగా అందుతుంది.